ఎర్రదనం తగ్గింది కానీ పుండు తగ్గలేదు: కోతల సీజన్లో కంటికొచ్చే ఫంగస్ అల్సర్ కథ

డిసెంబర్ మొదట్లో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ ఊరికెళ్లినా కళ్లాల్లో దుమ్ము లేస్తూనే ఉంటుంది. కోతలు అయిపోయి కుప్పలు పడి, నూర్పులు మొదలయ్యేసరికి గాల్లో ఊక, గడ్డి ముక్కలు, వెన్ను చివర్ల పొడి. కంట్లో ఏదో ఒకటి పడటం అక్కడ ఎవరూ లెక్కచేసే విషయం కాదు, రోజుకి నాలుగుసార్లు పడుద్ది, కొంగుతో తుడుచుకుంటారు, మళ్లీ పనిలో దిగుతారు. నూటికి తొంభై సార్లు ఏమీ అవ్వదు కూడా, అందుకే మిగతా పదిసార్ల మీద ఎవరికీ భయం ఉండదు. ఇక్కడ మాట్లాడుకునేది ఆ మిగిలిన వాటి గురించే, ముఖ్యంగా మొదటి పది రోజుల్లో ఏం జరుగుద్దో దాని గురించి, ఎందుకంటే ఈ జబ్బులో కన్ను పోవడమా ఉండటమా అనేది చాలావరకు ఆ పది రోజుల్లోనే తేలిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఫలానా మనిషి కథ కాదు, కంటి ఆసుపత్రుల్లో ఈ సీజన్లో మళ్లీమళ్లీ కనపడే వరసని ఒక మనిషికి అంటగట్టి చెప్పడం. చీపురుపల్లి వైపు ఊరు, నలభై అయిదేళ్ల కూలీ ఆవిడ, నూర్పు మిషన్ దగ్గర కట్టలు అందిస్తోంది. ఒక గడ్డి పరక వచ్చి కుడికంట్లో టక్కున పొడుచుకుంది. నీళ్లు కారాయి, నలిపింది, బోరు నీళ్లతో కడిగింది, సాయంత్రం దాకా పని చేసింది. రాత్రికి కంట్లో ఇసక పోసినట్టు గరగర.

ఆ పరక తగిలిన చోటు కార్నియా. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా పారదర్శకంగా ఉండే పొర అది, మధ్యలో దాని మందం దాదాపు అర మిల్లీమీటరే, అంటే అయిదారు కాగితాలు దొంతి పెట్టినంతే. దానికి రక్తనాళాలు ఉండవు, ఉంటే లోపలికి చూపు వెళ్లదు కదా. పైన ఒక పల్చటి చర్మం లాంటి తొడుగు ఉంటుంది, అదున్నంత వరకు బూజు లోపలికి దిగలేదు. పరక ఆ తొడుగుని గీరేసింది, అదే సమయంలో దాని మీదున్న ఫంగస్ ని కూడా లోపల వదిలేసింది. మట్టిలో, ఎండిన గడ్డిలో, కుళ్లిన ఆకుల్లో బతికే ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే జాతులే దక్షిణ భారతంలో ఈ పుండ్లకి ఎక్కువగా కారణం. మన పొలాల్లో ఇవి ఎప్పుడూ ఉంటాయి, మామూలుగా మనిషి జోలికి రావు, దారి దొరికితేనే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1879 లో జర్మనీలో తియోడర్ లీబర్ అనే కంటి డాక్టర్ మొదటిసారి కార్నియాలో ఫంగస్ ఉందని రాసింది కూడా ఒక రైతు గురించే, నూర్పుల్లో ఓట్స్ అనే ధాన్యం పొట్టు ఎగిరి కంట్లో తగిలింది ఆయనకి. దేశం వేరు, పంట వేరు, కళ్లం మాత్రం ఒకటే అనుకోవాలి.

మన జిల్లాల్లో వరి ఒక్కటే కాదు. మొక్కజొన్న ఆకు అంచు రంపంలా ఉంటుంది, చెరుకు ఆకు ఇంకా ఘోరం, జీడితోటలో కొమ్మలు నరికేటప్పుడు రెమ్మ వెనక్కి తన్నుద్ది, గోగు కట్టెల పని, కొబ్బరి మట్ట తీసే పని, ఆఖరికి పశువు తోక కంటికి తగలడం కూడా. వీటన్నిట్లోనూ ఉన్న ఉమ్మడి గుణం ఏంటంటే తగిలింది చెట్టుకో మట్టికో సంబంధించిన వస్తువు. వెల్డింగ్ షాపులో ఇనప రజను పడితే ఆలోచన ఒకలా ఉంటుంది, ఆకో గడ్డో తగిలితే ఇంకోలా ఉండాలి, ఈ తేడా చాలామందికి ఎవరూ చెప్పరు.

మన కథకి వద్దాం. రెండో రోజు పొద్దున కన్ను ఎర్రగా ఉంది. ఊళ్లో ఒకావిడ నందివర్ధనం పూలు పెట్టుకోమంది, ఇంకొకావిడ చంటిపిల్ల తల్లి పాలు రెండు చుక్కలు వెయ్యమంది, నాలుకతో నలుసు తీసే పెద్దావిడ ఒకరు పక్క ఊళ్లో ఉన్నారట. ఇవేవీ చేయకుండా మెడికల్ షాపుకి వెళ్లింది, అదే తెలివైన పని అనుకుంటాం మనం కూడా. షాపులో అబ్బాయి కన్ను చూసి "రెండు రోజులు ఎయ్యమ్మా, తగ్గిపోద్ది" అని ఒక చుక్కల మందు ఇచ్చాడు. అందులో ఒక యాంటీబయాటిక్, దాంతో కలిపి డెక్సామెథసోన్. ఆ రెండోది స్టెరాయిడ్.

మూడో రోజుకి నిజంగానే తగ్గింది. ఎర్రదనం పోయింది, నొప్పి తగ్గింది, ఆవిడ మళ్లీ కళ్లానికి వెళ్లింది. మొత్తం జబ్బులో మోసపోయే ఘట్టం ఇదే, కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

కన్ను ఎందుకు ఎర్రబడుతుంది? లోపల ఏదో దూరిందని ఒంటికి తెలిసి అక్కడికి తెల్లకణాల్ని పంపిస్తుంది, వాటికోసం రక్తనాళాలు ఉబ్బుతాయి. కార్నియాకి సొంత రక్తనాళాలు లేవు కాబట్టి చుట్టుపక్కల తెల్లగుడ్డులోవి ఉబ్బుతాయి, మనకి ఎర్రగా కనిపించేది అదే. అంటే ఎర్రదనం జబ్బు కాదు, కాపలావాళ్లు పరిగెడుతున్న చప్పుడు. స్టెరాయిడ్ చేసే పని ఆ పరుగుని ఆపడం. వేరే కంటి జబ్బుల్లో అది అవసరమే, ఆపరేషన్ తర్వాత వేస్తారు, అలర్జీకి వేస్తారు, అక్కడ అది మంచి మందే. కానీ లోపల బూజు పెరుగుతున్నప్పుడు కాపలా ఆపేస్తే బూజుకి అడ్డు లేదు. కన్ను తెల్లగా ప్రశాంతంగా కనపడుతూ ఉంటుంది, లోపల సన్నటి దారాల్లా ఫంగస్ కార్నియా పొరల మధ్యన పాక్కుంటూ పోతుంది. మందులో ఉన్న యాంటీబయాటిక్ బ్యాక్టీరియాకి పనిచేస్తుంది, ఫంగస్ కి కాదు. కాబట్టి సీసాలో సగం పనికిరాదు, మిగతా సగం హాని.

దీనికి తోడు ఫంగస్ అసలు స్వభావమే నెమ్మది. బ్యాక్టీరియా పుండైతే ఒకటి రెండు రోజుల్లోనే కన్ను భగ్గుమంటుంది, చీము కారుద్ది, నొప్పికి నిద్ర పట్టదు, మనిషి తనంతట తనే ఆసుపత్రికి పరిగెడతాడు. ఫంగస్ అలా కాదు. మొదట్లో పుండు చూస్తే పెద్దగా ఉంటుంది, మనిషి చెప్పే బాధ మాత్రం చిన్నగా ఉంటుంది. పేషెంటు నడిచి వచ్చి "కొంచెం మసకగా ఉన్నాది డాక్టరుగారూ" అంటాడు, లైటు వేసి చూస్తే కార్నియా సగం తెల్లబడి ఉంటుంది. అసలే నెమ్మదిగా నడిచే జబ్బుకి స్టెరాయిడ్ ముసుగు వేస్తే ఇంకేం తెలుస్తుంది.

ఏడో రోజుకి ఆవిడకి వెలుతురు చూడలేకపోవడం మొదలైంది. మందు అయిపోతే అదే సీసా ఇంకోటి కొనుక్కుంది, రోజుకి మూడుసార్లు వేసేది ఆరుసార్లు వేసింది. పదో రోజు కూతురు చూసి "అమ్మా, నీ నల్లగుడ్డు మీద తెల్లగా ఏటో ఉన్నాది" అంది. ఆవిడకి అర్థమైంది పువ్వు వేస్తోందని. మన ఊళ్లల్లో కంటిపువ్వు అనే మాటకి అర్థం ఇక అయిపోయిందని, అందుకే ఇంకో మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నిజానికి ఆ తెల్లమచ్చ అప్పటికి మానిన మచ్చ కాదు, బతికున్న పుండు. మానిన మచ్చ రాయిలా కదలకుండా ఉంటుంది, నొప్పి, నీళ్లు కారడం ఉండవు. బతికున్న పుండు రోజురోజుకీ మారుతుంది, వెలుతురు పడదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల పోయే రోజులు కూడా తక్కువ కాదు.

పదమూడో రోజు టౌన్లో కంటి డాక్టరు దగ్గరకి వెళ్తే ఆయన చూసి విశాఖ వెళ్లమన్నారు. అక్కడ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఎల్వీ ప్రసాద్ వాళ్ల క్యాంపస్ ఉంది, కార్నియా స్పెషలిస్టులు ఉండేది ఎక్కువగా అక్కడే. శ్రీకాకుళం నుంచైతే వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, తోడు ఒక మనిషి, ఇద్దరి కూలీ పోవడం. ఆలస్యానికి కారణం అజ్ఞానం అని తేలిగ్గా అనేస్తారు గానీ ఈ లెక్క కూడా కలుపుకోవాలి, నూర్పుల సీజన్లో ఒక రోజు మానేస్తే ఆ రోజు ఎవరూ తిరిగి ఇవ్వరు.

కంటిని పెద్దదిగా చేసి చూపించే స్లిట్ ల్యాంప్ అనే పరికరం కింద కనపడింది ఇది: కార్నియా మధ్యలో దాదాపు నాలుగు మిల్లీమీటర్ల బూడిద తెలుపు పుండు, పైభాగం పొడిగా కొంచెం ఉబ్బెత్తుగా, అంచులు గీత గీసినట్టు కాకుండా కోడి ఈకలా చీలికలు చీలికలుగా, పక్కన విడిగా రెండు చిన్న తెల్ల చుక్కలు. లోపల నల్లగుడ్డు కింది అంచున ఒక మిల్లీమీటరు చీము గీత. చూపు, మీటరు దూరంలో వేళ్లు లెక్కపెట్టేంత. ఈక అంచు, పక్క చుక్కలు చూస్తే ఫంగస్ అనే అనుమానం గట్టిగా వస్తుంది. కానీ అనుమానమే. ఫోటోలు ఇచ్చి కార్నియా నిపుణుల్నే ఇది బ్యాక్టీరియానా ఫంగసా చెప్పమంటే మూడింట రెండు వంతులే సరిగ్గా చెప్పారని ఒక అధ్యయనంలో తేలింది. చేయి తిరిగిన వాళ్లకే ఇలా ఉంటే కౌంటర్ వెనక నుంచి చూసి మందిచ్చే అబ్బాయిని ఏమనాలి.

అందుకే గోకుతారు. మత్తు చుక్కలు వేసి, చిన్న బ్లేడు తోనో గరిటె లాంటి పరికరంతోనో పుండు అడుగు, అంచుల నుంచి కొంచెం పదార్థం తీస్తారు. పేరు వింటే భయం వేస్తుంది గానీ మత్తు ఉంటుంది కాబట్టి పెద్దగా తెలీదు. తీసిన దాంట్లో కొంత గాజుపలక మీద పెట్టి కేఓహెచ్ అనే ద్రావణం వేస్తే కణాలన్నీ కరిగి పారదర్శకం అవుతాయి, ఫంగస్ దారాలు మాత్రం నిలబడతాయి, మైక్రోస్కోప్ కింద కొమ్మలు కొమ్మలుగా అడ్డగోడలతో కనపడతాయి. ఖర్చు చాలా తక్కువ, జవాబు నిమిషాల్లో. మిగతాది కల్చర్ కి, అంటే ల్యాబ్‌లో పెంచి చూడటానికి వెళ్తుంది, అందులో ఫంగస్ పెరిగి ఏ జాతో తేలడానికి రెండు మూడు రోజుల నుంచి వారం పైన కూడా పట్టొచ్చు. ఆవిడకి కేఓహెచ్ లో ఆ సాయంత్రమే దారాలు కనపడ్డాయి, నాలుగో రోజు కల్చర్లో ఫ్యుజేరియం అని వచ్చింది. గోకడంలో ఇంకో లాభం ఉంది, పైన పేరుకున్న చెత్త పోయి మందు లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది, అందుకే కొన్నిసార్లు మధ్యలో మళ్లీ గోకుతారు.

మందు పేరు నాటమైసిన్, అయిదు శాతం. పాత మందే, 1970ల నాటిది. కొత్తది, ఖరీదైనది కదా అని వోరికొనజోల్ మంచిదేమో అన్న అనుమానం డాక్టర్లలోనే చాలా ఏళ్లు ఉండేది. దాన్ని తేల్చింది మన దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగిన ఒక పెద్ద ట్రయల్, 323 మంది పేషెంట్లు, ఫలితం 2013 లో వచ్చింది. పాత నాటమైసినే నెగ్గింది, ఫ్యుజేరియం విషయంలో తేడా ఇంకా స్పష్టంగా, వోరికొనజోల్ చుక్కలు వేసిన వాళ్లలో కన్ను చిల్లు పడటం, కార్నియా మార్చాల్సి రావడం ఎక్కువ. అంటే పొలం గాయాలకి కావాల్సిన మందు చౌకలోనే ఉంది, సమస్య మందు లేకపోవడం కాదు, మందు దాకా వచ్చే దారిలో ఉంది.

కానీ నాటమైసిన్ కి ఒక పెద్ద లోటు. అది నీళ్లలో కరగదు, అందుకే తెల్లటి మజ్జిగలా ఉంటుంది, కదపకుండా వేస్తే పైన తేటే పడుద్ది, మందు సీసా అడుగునే ఉండిపోతుంది. ప్రతిసారీ బాగా ఊపి వేయాలి. కార్నియా లోతుల్లోకి కూడా సరిగ్గా దిగదు. ఆ లోటుని పూడ్చేది ఎన్నిసార్లు వేస్తున్నామనే లెక్కే. మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకీ ఒక చుక్క, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా లెక్కేస్తే పదిహేడు చుక్కలు, డాక్టరు చెప్తే రాత్రి కూడా లేచి వేయాలి. అయిదు మిల్లీలీటర్ల సీసా వారం తిరక్కుండానే అయిపోతుంది. ఇంట్లో ఇంకో మనిషి లేకపోతే ఇది జరిగే పని కాదు, చాలామందిని మొదటి వారం ఆసుపత్రిలోనే ఉంచేది అందుకే. దీంతో పాటు కంటిపాప పెద్దగా అవ్వడానికి ఇంకో చుక్కలు ఇస్తారు, లోపలి కండరం పట్టేసి వచ్చే నొప్పి తగ్గుతుంది, లోపల అతుక్కోకుండా కూడా ఉంటుంది. అది వేసుకుంటే చూపు ఇంకా మసక అవుతుంది, దాన్ని చూసి మందు పడలేదనుకుని ఆపేసేవాళ్లూ ఉన్నారు.

మొదటి వారం రోజులు ఆవిడకి ఏ మార్పూ కనపడలేదు, పైగా స్టెరాయిడ్ ఆపేసరికి అణిగి ఉన్న ఎర్రదనం, నొప్పి తిరిగి లేచాయి. ఇక్కడ ఇంట్లోవాళ్ల ఆలోచన ఎలా ఉంటుందంటే, ఊళ్లో మందుకి మూడు రోజుల్లో తగ్గింది, పెద్దాసుపత్రి మందుకి ఎక్కువైంది. లాజిక్ తప్పు కాదు, వాళ్లకి కనపడేది అంతే. డాక్టరు చూసేది వేరే. పుండు అంచులు ఈకల్లా ఉన్నవి మొద్దుబారుతున్నాయా, పక్క చుక్కలు మాయమవుతున్నాయా, లోపల చీము గీత తగ్గుతోందా, పైన తొడుగు అంచుల నుంచి మధ్యకి పాకుతోందా. ఆవిడకి ఈ మందు మొదలెట్టిన పదో రోజుకి చీము పోయింది, మూడో వారానికి పుండు కుదించుకుంది. తర్వాత చుక్కలు రెండు గంటలకోసారి, ఆ తర్వాత ఇంకా దూరం దూరంగా. పైన తొడుగు మూసుకున్నాక కూడా మందు వెంటనే ఆపరు, లోపల ఎక్కడో నాలుగు దారాలు మిగిలినా మళ్లీ మొదలవుతుంది. మొత్తం ఎనిమిది వారాలు.

అందరికీ ఇలా అవ్వదు. ఫంగస్ కి ఒక చెడ్డ గుణం, కార్నియా వెనకాల ఉండే గట్టి పొరని కూడా, అది చిరగకుండానే, దాటుకుని లోపలికి పోగలదు. అక్కడిదాకా వెళ్లిన దానికి చుక్కలు అందవు. అప్పుడు కార్నియా లోపలే సన్న సూదితో మందు ఎక్కించడం, మాత్రలు, ఇవి ప్రయత్నిస్తారు. మాత్రల సంగతి చెప్పాలంటే చుక్కలకి తోడు నోటి వోరికొనజోల్ ఇస్తే లాభమా అని చూసిన రెండో ట్రయల్, 2016 లో ఫలితం వచ్చింది, మొత్తం మీద తేడా కనపడలేదు. వీటితోనూ జబ్బు ఆగకపోతే లేక చిల్లు పడితే జబ్బు ఉన్న కార్నియా మొత్తం కోసి దానం వచ్చిన కార్నియా వేస్తారు. ఇది చూపు కోసం చేసేది కాదు, గుడ్డు దక్కించుకోవడం కోసం చేసేది. వాపు మీద ఉన్న కంట్లో వేసిన ఆ కార్నియా ఎక్కువకాలం తేటగా నిలవడం కష్టం, అదీగాక ఒంటికి పడకుండా పోతే స్టెరాయిడ్ వాడాలి, ఫంగస్ ఉంటే స్టెరాయిడ్ వాడకూడదు. రెండు వైపులా కత్తి.

మరి ఆ పరక తగిలిన సాయంత్రం ఏం జరిగి ఉంటే బాగుండేది? ఇక్కడ నేపాల్లో భక్తపూర్ అనే చోట జరిగిన పని గుర్తు చేసుకోవాలి, ఫలితాలు 2001 లో అచ్చయ్యాయి. ఊరి ఆరోగ్య కార్యకర్తలకి నేర్పించారు, కంటికి గీరు పడినవాళ్లు వస్తే పసుపు రంగు ఫ్లోరెసిన్ వేసి నీలం లైటులో చూడటం, గీరు ఉంటే పచ్చగా మెరుస్తుంది, అప్పుడు మామూలు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకి మూడుసార్లు, మూడు రోజులు. గాయమైన 18 గంటల్లోపు మొదలుపెట్టిన వాళ్లలో ఒక్కరికీ పుండు రాలేదు. ఒక రోజు దాటి రెండో రోజులో వచ్చినవాళ్లలో నాలుగో వంతు పైగా మందికి వచ్చింది. మధురై వైపు ఊళ్లల్లో కూడా ఇలాగే చేసి, యాంటీబయాటిక్ తో పాటు ఫంగస్ మందు కలిపితే ఇంకా మేలా అని చూశారు, అదనంగా ఏమీ రాలేదు. విచిత్రంగా ఉంటుంది ఇది, ఫంగస్ ని చంపని మందు ఫంగస్ పుండుని ఎలా ఆపింది? బహుశా గీరు శుభ్రంగా, తొందరగా మూసుకోవడమే అసలు రక్షణ అయ్యుండాలి, తలుపు పడితే దొంగ ఎవరైనా బయటే. అయితే దీన్ని మరీ ఆకాశానికెత్తకూడదు, నేపాల్లోనే తర్వాత ఇంకా పెద్దగా, పోల్చి చూసే ఊళ్లు పెట్టుకుని చేసిన ట్రయల్లో కార్యకర్తలున్న ఊళ్లకీ లేని ఊళ్లకీ పుండ్ల సంఖ్యలో తేడా రాలేదు, 2022 లో వచ్చిన ఫలితం అది. గాయమైన ప్రతివాళ్లూ వెంటనే కార్యకర్త దగ్గరికి వెళ్లరు కదా, మందు పనిచేయడం వేరు, మనిషి రావడం వేరు.

ఆ సాయంత్రం ఆవిడ స్థాయిలో చేయగలిగింది చాలా కొంచెమే. నలపకుండా శుభ్రమైన తాగేనీళ్లు ధారగా పోసి కడగడం, గుచ్చుకుని ఉన్నదాన్ని లాగకపోవడం, కట్టు కట్టకపోవడం, ఎందుకంటే ఆకు గడ్డి గాయాన్ని మూసేస్తే వెచ్చగా తడిగా బూజుకి కావాల్సిన చోటు తయారవుతుంది, మరుసటి రోజు ఎవరైనా లైటు వేసి చూసేచోటికి వెళ్లడం. షాపుకే వెళ్లాల్సి వస్తే "గడ్డి తగిలింది" అనే మాట ముందు చెప్పడం, "కన్ను ఎర్రగా ఉంది" అని కాదు. ఈ రెండు మాటలకి ఇచ్చే మందులు వేరేగా ఉండాలి. డబ్బా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్ లాంటి పేరు ఏదున్నా అది స్టెరాయిడే. అక్షరాలు చిన్నవి, ఇంగ్లీషులో ఉంటాయి, పదో తరగతి చదివే పిల్లలెవరైనా చదివి పెట్టగలరు. ఇప్పటికే వేసేసుకుంటే ఆ ఖాళీ సీసా పారేయకుండా డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాలి, ఏం వేశారో తెలిస్తే కన్ను ప్రశాంతంగా కనపడటాన్ని ఆయన నమ్మరు.

మన కథలో ఆవిడ సీసా తీసుకెళ్లలేదు, అడిగితే "తెల్ల మూత డబ్బా" అంది. ఎనిమిది వారాలకి పుండు మానింది, కన్ను దక్కింది, మధ్యలో మచ్చ మిగిలింది. చూపు అరవై మీటర్ల దూరంలో చదవాల్సిన పెద్ద అక్షరాన్ని ఆరు మీటర్ల దగ్గరకొస్తే గానీ చదవలేనంత. అద్దాలతో ఇది బాగుపడదు, మచ్చ గరుకుగా ఉండటం వల్లే మసకైతే గట్టి కాంటాక్ట్ లెన్స్ కొంత పనిచేస్తుంది గానీ కళ్లంలో దుమ్ములో అది పెట్టుకుని పని చేయడం కుదిరేది కాదు. చూపు కోసం కార్నియా మార్పిడి చేయాలంటే కన్ను కొన్ని నెలలు పూర్తిగా నెమ్మదించాలి, తర్వాత ఏళ్లతరబడి చుక్కలు, చెకప్‌లు. ఎడమకన్ను బాగానే ఉంది కదా అని ఆవిడ వద్దంది. ఫిబ్రవరిలో మినుములు పీకే పనికి వెళ్లింది, కుడివైపు నుంచి ఎవరైనా వస్తే ఇప్పుడు తల మొత్తం తిప్పి చూస్తోంది.